చేతి గడియారం 12.5, కెమెరా 12.70: జాబితాలో ముందుండాల్సింది ఎవరు?

హనుమకొండ కోచ్: జిల్లా ఎంపిక జాబితాలో ఒక అమ్మాయికి 100 మీటర్లలో చేతి గడియారంతో 12.5, మరొక అమ్మాయికి కెమెరాతో 12.70 ఉన్నాయి. చేతి సమయాన్ని కెమెరా సమయంతో పోల్చడానికి 100 మీటర్లకు కలిపే 0.24 కలిపితే మొదటి అమ్మాయి 12.74తో వెనకబడుతోంది. ఈ వరుస న్యాయమేనా?

పరకాల టైమ్‌కీపర్: గడియారంపై అసలు ఏ అంకె కనిపించిందో ముందు తెలియాలి. చేతి గడియారంలో 12.41 వచ్చినా, 12.49 వచ్చినా, నిబంధన ప్రకారం పై పదో వంతుకు పెంచి 12.5 అనే రాస్తాం, సరిగ్గా 12.40 వస్తేనే 12.4 అవుతుంది. ఆ అమ్మాయికి 12.41 వచ్చి ఉంటే, పెంచకముందు 0.24 కలిపితే 12.65 అయ్యేది, అప్పుడు ఆమె కెమెరా అమ్మాయి కంటే ముందుండేది. 12.49 అయితే 12.73, అంటే వెనకే. రాసిన 12.5 మాత్రం ఈ రెండింటినీ ఒకటే చేసేసింది.

జనగామ లెక్కల మాస్టర్: పైకే పెంచడం గణితానికి విరుద్ధం. 2024 పారిస్ 100 మీటర్ల ఫైనల్‌లో నోవా లైల్స్ 9.784, కిషేన్ థాంప్సన్ 9.789. బడిలో నేర్పే పద్ధతిలో అవి 9.78, 9.79 కావాలి, కానీ బోర్డుపై ఇద్దరికీ 9.79 అని పెట్టారు. అసలు తప్పు ఇక్కడే ఉంది.

పరకాల టైమ్‌కీపర్: మాస్టారూ, పరిగెత్తిన దానికంటే వేగంగా పరిగెత్తినట్టు కాగితంపై ఎవరికీ రాకూడదనే పైకి పెంచుతారు. అయినా ఆ ఇద్దరి వరుసను బోర్డుపై సమయం నిర్ణయించలేదు. ఫొటో ఫినిష్ చిత్రంలో ఎవరి మొండెం ముందు గీత తాకిందో చూసి నిర్ణయించారు. ఒకే పరుగులో చిత్రం ఉంటుంది. రెండు వేర్వేరు హీట్లను పోల్చేటప్పుడు చిత్రం పనికిరాదు, సమయమే ఆధారం. కెమెరా ఉన్నచోట సమానమైతే వెయ్యో వంతు చూస్తారు, చేతి గడియారంలో ఆ అవకాశమే లేదు.

జనగామ లెక్కల మాస్టర్: వెయ్యో వంతు ఉన్నప్పుడు వందో వంతుకు ఎందుకు పెంచాలన్నదే నా ప్రశ్న. దానికి సమాధానం రాలేదు.

నర్సంపేట నాన్న: మీరు వెయ్యో వంతుల దగ్గర ఉన్నారు. నా బిడ్డ గడియారంలో 12.41 అని నేను కళ్లారా చూశాను, కాగితంపై 12.5 రాశారు. వేరే హీట్‌లో పరిగెత్తిన మరో అమ్మాయికి 12.4 రాసి, ఆమెను పంపారు. వందో వంతు తేడా పదో వంతు అయింది, ఏడాది పోయింది.

పరకాల టైమ్‌కీపర్: అన్నా, మీ బాధ నాకు అర్థమవుతోంది, అయితే ఒక్క గడియారాన్ని నమ్మడం కూడా సరికాదు. మూడు గడియారాల్లో రెండు కలిస్తే ఆ సమయం, మూడూ వేరైతే మధ్యది తీసుకుంటాం. పరుగు మొదలుపెట్టే తుపాకీ పొగ చూసి నొక్కడంలో వేలు ఆలస్యమవుతుంది, గీత దగ్గర మాత్రం మనిషి ముందుగానే ఊహించి నొక్కుతాడు. అందుకే చేతి సమయం తక్కువగా వస్తుంది. ఆ తేడా అందరికీ ఒకేలా ఉండదు.

ములుగు జంపర్: ఉండకపోతే 0.24 ఎందుకు కలుపుతున్నారు?

పరకాల టైమ్‌కీపర్: అది సగటు దిద్దుబాటు, వ్యక్తి దిద్దుబాటు కాదు. 1960 రోమ్ 400 మీటర్ల ఫైనల్‌నే చూడండి. ఓటిస్ డేవిస్, కార్ల్ కౌఫ్‌మన్ ఇద్దరికీ గడియారంలో 44.9, కెమెరాలో 45.07, 45.08. మాల్కం స్పెన్స్ 45.5, కెమెరాలో 45.60. మన మిల్ఖా సింగ్ 45.6, కెమెరాలో 45.73. ఒకే పరుగులో తేడా ఒకరికి 0.10, మరొకరికి 0.18. 400 మీటర్లకు కలిపేది 0.14 ఒక్కటే.

నర్సంపేట నాన్న: అంటే సగటు పేరుతో నా బిడ్డను వెనక్కి నెట్టారని మీరే ఒప్పుకుంటున్నారు. గడియారం పట్టుకున్నవాళ్లే ఆ మాట అంటే ఇంక ఎవరిని అడగాలి?

పరకాల టైమ్‌కీపర్: వెనక్కి నెట్టారని నేను అనలేదు. ఆ అంకెలతో ముందా వెనకా అని ఎవరూ చెప్పలేరన్నాను. రెండు రకాల సమయాలను ఒకే జాబితాలో కలపకూడదు.

జనగామ లెక్కల మాస్టర్: కలపకపోతే, కెమెరా లేని మండలాల పిల్లలను అసలు లెక్కలోకే తీసుకోవద్దంటారా?

హనుమకొండ కోచ్: మాస్టర్ గారు అడిగినదే అసలు చిక్కు, నేను మొదట రాసినప్పుడు దాన్ని స్పష్టంగా పెట్టలేదు. గడియారాన్ని నమ్మకపోతే పల్లె పిల్ల జాబితాకే రాదు, నమ్మితే కెమెరా ముందు పరిగెత్తిన పిల్లకు అన్యాయం కావచ్చు. నా దృష్టిలో సమయాలు సుమారుగా దగ్గరున్న అందరినీ జేఎన్ స్టేడియం సింథటిక్ ట్రాక్‌పైకి పిలిచి ఒకే హీట్‌లో పరిగెత్తించాలి. అప్పుడు గీత దగ్గర కెమెరా ఉంటే చాలు, కలపడం అక్కరలేదు.

నర్సంపేట నాన్న: పిలిచే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఒక్క రోజు పిలిచి, ఆ రోజు పిల్లకు కాలు పట్టేస్తే?

పరకాల టైమ్‌కీపర్: కాలు పట్టేస్తే ఆ రోజు ఓడిపోతుంది, దానికి గడియారం ఏమీ చేయలేదు. ఖర్చు మాట మాత్రం న్యాయమే. పిలవలేని ఏడాది కనీసం మూడు గడియారాలపై కనిపించిన వందో వంతులను పెంచకముందే పత్రంలో రాసి, టైమ్‌కీపర్లందరూ సంతకం చేయాలి. అధికారిక సమయం 12.5గానే ఉంటుంది, కానీ 12.41, 12.44, 12.52 అని పక్కన ఉంటే కొలతలు ఎంత చెదిరిపోయాయో సెలెక్టర్లకు కనబడుతుంది.

జనగామ లెక్కల మాస్టర్: వందో వంతులు రాసిన తరువాత వాటితోనే వరుస కట్టరని హామీ ఏమిటి?

హనుమకొండ కోచ్: హామీ లేదు. వచ్చే జిల్లా పోటీల ముందు ఈ పత్రం నమూనాను, ఖర్చు ప్రశ్నను రెండింటినీ ఎంపిక కమిటీకి రాతపూర్వకంగా ఇస్తున్నాను. నర్సంపేట నుంచి మీరూ సంతకం పెడతారా?

నర్సంపేట నాన్న: ఖర్చు మాట మొదటి వాక్యంలో ఉంటే పెడతాను.