అప్‌డేట్: మధ్యాహ్నపు కునుకు, నా అపరాధ భావం

నా పాత ప్రశ్న: “మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చినా దొంగతనం చేసినట్టు అనిపిస్తోంది. ఇది బద్ధకమేనా?”

లెక్కలు రాయడం నా వృత్తి. సాయంత్రం పద్దుల్లో 54కు బదులు 45 వేసేదాన్ని. మొత్తాల్లో వచ్చిన తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమోనని వెతుక్కుంటూ గంట పోగొట్టుకునేదాన్ని. పడుకున్నా చేతిలో ఫోను, అందులో ఆఫీసు సందేశాలు ఉండేవి కాబట్టి, అది విశ్రాంతే కాదని మీరు చెప్పాకే తెలిసింది.

ఇప్పుడు ఫోను వంటగదిలో పెట్టి, 20 నిమిషాలకు అలారం పెట్టుకుంటున్నాను. మొదటి రోజు గంటకు పైగా పడుకుని, గాఢనిద్ర మధ్యలో లేచినందువల్ల కాబోలు, తల దిమ్మెక్కింది. ఈ మూడు వారాల్లో తారుమారు అంకెలు రెండే దొరికాయి. అత్తయ్యగారి అడుగుల చప్పుడు వింటే మాత్రం ఇప్పటికీ లేచి కూర్చుంటున్నాను.