కోత పోస్టులో చిట్కా ఎంత, మురిపెం ఎంత?

మిద్దెమల్లి: నా పోస్టు ఇది: “ఈ రోజు మా మిద్దెతోట కోత. బీరకాయలు 6, టమాటాలు, వంకాయలు, గుప్పెడు మిరపకాయలు. అన్నీ సేంద్రియమే. చాలా ఆనందంగా ఉంది.” చదివినవారికి ఒక్కటైనా పనికొచ్చేలా తిరగరాయాలి. ఆనందం మాట తీసేయాలా?

పాతతీగ: ముందు ఒకటి చెప్పండి. ఆ 6 బీరకాయలకు ముందు పిందెలు రాలాయా?

మిద్దెమల్లి: పదకొండు రాలాయి. చిటికెన వేలంత ఉండగానే పసుపు తిరిగి ముడుచుకుపోయాయి. తర్వాత మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దడం మొదలుపెట్టాను.

పాతతీగ: అసలు సంగతి దాచిపెట్టి మిరపకాయలు లెక్కపెట్టారన్నమాట! మిగతా కూరలన్నీ వదిలేయండి. నేనైతే ఇలా రాస్తాను:

“మా బీర తీగకు పదకొండు పిందెలు వరుసగా పసుపు తిరిగి రాలిపోయాయి. ఎరువు తక్కువైందనుకున్నాను, నిజానికి పుప్పొడి అందలేదు. సాయంత్రం పూలు విచ్చాక, అడుగున చిన్న పిందె లేని మగపువ్వును కోసి, రేకులు తీసేసి, పిందె ఉన్న పువ్వు నడిమికి మెల్లగా అద్దాను. రాలిపోతుందని రోజూ భయపడిన పిందె తొమ్మిదో రోజుకు మూరెడైంది. కోసే ముందు మోచేతి పక్కన పెట్టి చూసుకున్నాను.”

పొద్దుపొడుపు: పొరపాటు. పుప్పొడి పొద్దున్నే అద్దాలి. నా గుమ్మడి తీగలన్నిటికీ అలాగే చేస్తాను.

పాతతీగ: గుమ్మడికి మీరన్నది సరే. బీరపువ్వు మాత్రం సాయంత్రం విచ్చుకుంటుంది. దాని చుట్టమైన నేతిబీర మళ్ళీ పొద్దున్నే. అందుకే పోస్టులో తీగ పేరూ, వేళా రెండూ ఉండాలి.

కొత్తకుండీ: నా టమాటా పూలు రాలిపోతున్నాయండీ. వాటికీ మగపువ్వు అద్దాలా?

పాతతీగ: టమాటాలో ఆడ, మగ భాగాలు రెండూ ఒకే పువ్వులో ఉంటాయి. గుత్తిని కాస్త కదపండి చాలు. ఎండలు మరీ ముదిరితే కదిపినా నిలవవు.

పొద్దుపొడుపు: వేళ విషయం ఒప్పుకుంటున్నాను. కానీ రాలిన ప్రతి పిందెకూ పుప్పొడే కారణమా? నా తీగకు పిందెల మీద సూదితో గుచ్చినట్టు చుక్క, దాని మీద జిగురు బొట్టు. కోసి చూస్తే లోపల పురుగులు.

పాతతీగ: అది పండు ఈగ. దానికి పుప్పొడి అద్ది లాభం లేదు. “చుక్క, జిగురు లేకపోతేనే” అన్న మాట చేర్చండి.

నీడగూడు: చిట్కా బాగుంది. మోచేతి వాక్యం ఎందుకు? చివరికి గొప్ప చెప్పుకోవడమేగా.

మిద్దెమల్లి: పదకొండు రాలాయని ఒప్పుకున్నాక ఒక్క కాయను చూసి మురిసిపోకూడదా? ఆ వాక్యం ఉంచుతాను. “సేంద్రియమే” మాత్రం తీసేస్తున్నాను.

నీడగూడు: ఉంచితే ఉంచండి, కాయ పొడవు సెంటీమీటర్లలో చెప్పండి. అందరి మోచేతులూ ఒకటి కావు.