ఎక్స్‌ట్రా నైట్ షిఫ్టులు ఒప్పుకునే ముందు ఏమేం అడగాలి?

అందరికీ నమస్కారం. పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో పని చేస్తున్నాను. నాది బి షిఫ్ట్, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా. వచ్చే నెల నుంచి వారానికి రెండు రోజులు అలాగే ఆగిపోయి సి షిఫ్ట్ కూడా చెయ్యమంటున్నారు, ఉదయం 6 వరకు. శనివారంలోగా చెప్పాలి.

"ఓటీ డబుల్ ఇస్తాం" అన్నారు. దేని మీద డబుల్ అన్నదే నా అనుమానం. నా జీతం 18,000, అందులో బేసిక్ 9,000. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన మొత్తం జీతం మీదైతే ఒక నైట్‌కి సుమారు 1,384 రూపాయలు వస్తాయి. బేసిక్ మీదే కడితే 692. అంటే పేరుకి డబుల్, చేతికొచ్చేది మామూలు కూలీయే! పోయినసారి మా పక్క సెక్షన్ అన్నకి పేస్లిప్‌లో ఓటీ అని కాకుండా "ఇన్సెంటివ్" అని వేశారు. అలా వేస్తే తర్వాత అడగడానికి ఆధారం ఉంటుందా? నైట్ అలవెన్స్ దీనికి విడిగా ఇస్తారా, ఇందులోనే కలిపేస్తారా?

డబ్బు కన్నా నిద్ర పెద్ద టెన్షన్. కంపెనీ బస్సులో అనకాపల్లి చేరేసరికి ఏడున్నర. మళ్లీ పన్నెండున్నరకి బస్టాపులో ఉండాలి. స్నానం, తిండి పోను మిగిలేది మూడు, నాలుగు గంటలు. పని రియాక్టర్ల దగ్గర. మర్నాడు సెలవు గానీ, ఆలస్యంగా రావడం గానీ అడగొచ్చా? ఎక్స్‌ట్రా వాళ్ల పేర్లు బస్సు లిస్టులో ఉండవట, అదీ చూడాలి.

ఇవన్నీ రాతపూర్వకంగా ఎవరిని అడగాలి, సూపర్‌వైజర్‌నా, హెచ్‌ఆర్‌నా? చేసినవాళ్లు చెప్పండి.