అప్‌డేట్: తమ్ముడి అపాయింట్‌మెంట్‌కు ఇంటర్‌ప్రెటర్

నేను అడిగింది: "కర్నూలులో ఉంటాం. మా తమ్ముడికి వినపడదు. బుధవారం పదింటికి డాక్టర్ అపాయింట్‌మెంట్. సైగల భాష ఇంటర్‌ప్రెటర్‌ను ఒక గంటకు మాట్లాడుకుంటే సరిపోతుందా?"

సరిపోదండీ. పది అన్నది ఓపీ చీటీ మీది టైం మాత్రమే. ముందురోజు కౌంటర్‌లో అడిగితే, డాక్టర్ రౌండ్స్ నుంచి వచ్చేసరికి పదకొండు దాటుతుందని, రక్తపరీక్ష రాస్తే రిపోర్టుతో మళ్లీ చూపించాలని చెప్పారు. అందుకే తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా మాట్లాడుకున్నాను.

ఇంటర్‌ప్రెటర్ మేడమ్ నంద్యాల నుంచి బస్సులో రావాలి. ఆసుపత్రికి రెండు గేట్లు. "డాక్టర్ గది పాత బిల్డింగ్ మొదటి అంతస్తులో. మందుల షాపు వైపు గేటు దగ్గర కలుద్దాం" అని తేదీ, టైంతో మెసేజ్ పెట్టాను. ఆమె అదే తిరిగి రాసి పంపాకే నా టెన్షన్ తగ్గింది.

ముందురోజు రాత్రి ఇద్దరినీ ఐదు నిమిషాలు వీడియో కాల్‌లో కలపడం చాలా మేలు చేసింది. మావాడు బడిలో నేర్చుకున్న సైగల్లో ఇంటి సైగలు కలిపేస్తాడు. కళ్లు తిరగడానికి వాడు చేసే సైగ ఆమెకు అర్థం కాలేదు, అప్పుడే అడిగి తెలుసుకున్నారు.

పిలుపు 11:50కి వచ్చింది. ఆమె డాక్టర్ పక్కన, తమ్ముడికి ఎదురుగా కూర్చున్నారు. నొప్పి ఎక్కడో, ఎప్పటినుంచో ఈసారి వాడే చెప్పుకున్నాడు. నేను నోరు తెరవలేదు. రిపోర్టు చూపించి బయటికొచ్చేసరికి 1:20.