టెక్సాస్‌లో విడాకులు వచ్చాయి, హన్మకొండలో పెళ్లి ఇంకా ఉన్నట్టేనా?

భాస్కర్: మా చెల్లె పెళ్లి 2017లో హన్మకొండలో మన పద్ధతిలో జరిగింది. మూడేళ్లుగా ఆమె మా ఇంట్లోనే ఉంటోంది. బావ టెక్సాస్ కోర్టు ఇచ్చిన విడాకుల కాగితం వాట్సాప్‌లో పంపాడు. ఆమె ఇప్పుడు అతని భార్యేనా, కాదా?

సంపత్: అక్కడి తీర్పు మనకు చిత్తు కాగితం అన్నా. వదిలెయ్యండి.

శ్రీవాణి: నేను వరంగల్ ఫ్యామిలీ కోర్టులో కేసులు చూస్తాను. సంపత్ గారూ, అది సగమే నిజం. చెల్లే విదేశీ విడాకులూ ఉన్నాయి. 1991లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు మన దగ్గరిదే. తిరుపతిలో పెళ్లి, మిస్సోరీలో భర్త తెచ్చుకున్న విడాకులు, తర్వాత యాదగిరిగుట్టలో అతని రెండో పెళ్లి. మొదటి భార్య ఫిర్యాదు చేసింది. దంపతులు ఏ చట్టం కింద పెళ్లి చేసుకున్నారో ఆ చట్టంలో ఉన్న కారణంతోనే విడాకులు ఇచ్చి ఉండాలని, భార్య ఆ కోర్టుకు ఇష్టపూర్వకంగా లోబడి వాదించి ఉండాలని, లేదంటే ఆమె విడాకులకు ఒప్పుకుని ఉండాలని కోర్టు చెప్పింది. కాపురం ఇక కుదరదన్న ఒక్క కారణంతో టెక్సాస్‌లో విడాకులిస్తారు. హిందూ వివాహ చట్టంలో ఆ కారణం లేదు. అందుకే అక్కడ అతను ఒంటరివాడు, ఇక్కడ మీ చెల్లె అతని భార్య. ఒకే పెళ్లి రెండు దేశాల్లో రెండు రకాలుగా నిలబడుతుంది.

రజిత: మాకు న్యూజెర్సీలో ఇద్దరి ఇష్టంతోనే విడాకులయ్యాయి. అయినా ఇక్కడ పాస్‌పోర్టులో భర్త పేరు తీయించడానికి నాకు నెలలు పట్టింది. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. వాళ్లు కూడా అలాగే కలిసి వేసుకోవచ్చు కదా?

శ్రీవాణి: రజిత గారూ, మీరిద్దరూ ఒప్పుకున్నారు, అక్కడే తేడా. ఇక్కడ ఆమెను అడిగిందెవరు?

భాస్కర్: మేడం, ఒక విషయం చెప్పలేదు. బావ లాయర్ ఈమెయిల్‌లో ‘వైవర్ ఆఫ్ సర్వీస్’ అని ఒక కాగితం పంపాడు. చెల్లె సంతకం చేసి నోటరీ చేయించి పంపింది. సమన్లు అందినట్టు రసీదే అనుకున్నాం.

రామ్మోహన్: అయితే అయిపోయినట్టే. సంతకం పెట్టాక ఒప్పుకోలేదని ఎలా అంటారు?

శ్రీవాణి: అంత తొందరగా తేల్చకండి. సమన్లు లాంఛనంగా అందించక్కర్లేదని చెప్పడం వేరు, విడాకులకు ఒప్పుకోవడం వేరు. కానీ కొన్ని వైవర్లలో ‘ఇకపై నోటీసు లేకుండా కేసు తేల్చవచ్చు’ అన్న వాక్యం ఉంటుంది. దాన్ని ఒప్పుదల అంటారా లేదా అన్నది జడ్జి చూడాలి, నేను హామీ ఇవ్వలేను. భాస్కర్ గారూ, ఆ వైవర్ ప్రతి తీసిపెట్టండి. డిక్రీకి కోర్టు ధ్రువీకరించిన నకలు తెప్పించండి, వాట్సాప్ ఫొటో పనికిరాదు. మిస్సోరీ డిక్రీ నకలుకు అక్కడి భారత ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేదని 1991లో కోర్టు దాన్ని ఒప్పుకోలేదు.

భాస్కర్: చెల్లె మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకుంటే?

శ్రీవాణి: ఆ డిక్రీని నమ్ముకుని చేసుకోవద్దు. ఇక్కడి కోర్టు దాన్ని గుర్తించకపోతే రెండో పెళ్లి చెల్లదు, కేసు కూడా ఆమె మీదికే వస్తుంది. పెళ్లి హన్మకొండలో జరిగింది, ఆమె ఇక్కడే ఉంటోంది కాబట్టి ఇక్కడి ఫ్యామిలీ కోర్టులోనే వేయవచ్చు. అతను కారణం లేకుండా రెండేళ్లకు పైగా వదిలేసి ఉంటే ఆ కారణంతో విడాకులు అడగవచ్చు. అతను కలిసివస్తే ఇద్దరి అంగీకారంతో.

రామ్మోహన్: అతనే వదిలేశాడు, మళ్లీ ఆమే కోర్టుకు తిరగాలా? ఇది న్యాయమా మేడం?

భాస్కర్: చెల్లెను అడిగాను. వైవర్‌లో ఆ వాక్యం ఉందట.