‘దయచేసి’ అనకుండా మర్యాదగా అడగడం ఎలా?

కొత్తపలుకు: మా ఆఫీసులో వేరే రాష్ట్రం ఆయన తెలుగు నేర్చుకుంటున్నారు. ప్రతిదానికీ ‘దయచేసి’, ‘ధన్యవాదాలు’ అంటుంటే అందరూ నవ్వుతున్నారు. ఆ రెండూ మానేస్తే మర్యాద తగ్గదా? ఆయనకి ఏం చెప్పాలి?

ఏటిగట్టు: తగ్గదు, కానీ మానేసిన చోట మరొకటి పెట్టాలి. పక్క సీటాయన్ని తాళం అడగాలనుకోండి. ‘తాళం ఇవ్వండి’లో అండి ఉన్నా కాస్త బిరుసు. ‘కాస్త ఆ తాళం ఇస్తారా’ అంటే సరిపోతుంది. ‘కాస్త’ వల్ల అడిగేది చిన్నదైపోతుంది, ‘ఇస్తారా’ వల్ల కాదనే వీలు వాళ్లకి మిగులుతుంది. పని మన తరఫున చెయ్యమని అడిగేటప్పుడు ‘ఈ ఫారం కాస్త నింపిపెడతారా’ అనమనండి. ఆ ‘పెట్టు’ చేరిందంటే, నా కోసం శ్రమ పడుతున్నారని ముందే ఒప్పుకున్నట్టు. ‘నింపగలరా’ మాత్రం వద్దు. ఉత్తరంలో బాగుంటుంది గానీ, ఎదురుగా ఉన్న మనిషితో అంటే మీకు చేతనవుతుందా అన్నట్టు వినిపించవచ్చు.

నవ్వు ఎందుకొస్తోందంటే, నోటిమాటలో ‘దయచేసి’ ఎక్కువగా వినపడేది రెండు చోట్ల. ఒకటి స్టేషన్లో ‘దయచేసి వినండి’, రెండోది విసిగిపోయినవాళ్ల ‘దయచేసి నన్ను వదిలెయ్’. తాళం కోసం అంత బతిమాలితే వింతగానే ఉంటుంది.

సూటిమాట: ఇంత లెక్క ఎందుకండీ? అసలు తెలుగులో థాంక్స్ అనడానికి మాటే లేదు. చివర అండి తగిలిస్తే ఏ మాటైనా మర్యాదే.

ఏటిగట్టు: అండి లేకపోతే పెద్దవాళ్లతో, కొత్తవాళ్లతో నడవదు, అంతవరకు నిజం. కానీ అది ఉన్నంత మాత్రాన చాలదు. ‘లోపలికి దయచేయండి’ అంటే ఆహ్వానం. ‘ఇక దయచేయండి’ అని గొంతు దించి ముక్తసరిగా అంటే బయటికి పొమ్మనడం. క్రియ అదే, అండి అదే. ఇక మాట లేదనడం సరికాదు. కృతజ్ఞత ఎప్పటినుంచో ఉన్న మాటే, చేసిన మేలు ఎరిగి ఉండటం అని. మనకి అలవాటు లేనిది, చిన్న పనికల్లా దాన్ని పైకి అనడం.

ఓరుగల్లు: మా దిక్కు ‘జర ఆ తాళం ఇయ్యుండ్రి’, ‘జర ఇస్తరా’ అంటం. దగ్గరోళ్లయితే ‘జర నువ్వే ఇయ్యరాదు’. ఇది కొత్తగా నేర్చుకునేటోళ్లకు చెప్పాలె, ఎందుకంటే బోర్డు మీద ‘లోనికి రారాదు’ అంటే రావద్దని, నోటితోని ‘జర నువ్వు రారాదు’ అంటే రమ్మని.

ఏటిగట్టు: మంచి మాట గుర్తుచేశారు. కోస్తాలోనూ అంతే. ‘ఆయనకి చెప్పకూడదు’ అంటే నిషేధం. చివరి అచ్చు సాగదీసి ‘ఆయనకి చెప్పకూడదూ’ అంటే చెప్పమని కోరడం. నేర్చుకునేవాళ్లు ఆ దీర్ఘం పలకకపోతే అర్థం తలకిందులవుతుంది. ఇంకో సంగతి, ఇందులో ‘ఇంతవరకూ ఎందుకు చెప్పలేదు’ అనే చిన్న నిష్ఠూరం దాగి ఉంటుంది. ఇంట్లోవాళ్ల దగ్గర, స్నేహితుల దగ్గర అది చనువు, పై అధికారి దగ్గర తప్పు. ఆయన్ని ముందు ‘కాస్త... ఇస్తారా’ దగ్గరే ఆగమనండి.

చిన్నారి అమ్మ: అంటే పిల్లలకి ప్లీజ్, థాంక్యూ నేర్పకూడదా? మా పాప అవి అనకపోతే స్కూల్లో ఒప్పుకోరు.

ఓరుగల్లు: అక్కా, ఇంగ్లీషులో మాట్లాడితే అనాల్సిందే. ఇక్కడ మాట తెలుగు గురించి.

కొత్తపలుకు: అడగడం అర్థమైంది. మరి పని అయ్యాక ఏమనాలి?

ఏటిగట్టు: తాళం అందుకున్నందుకు ఒక తల ఊపు, చిన్న నవ్వు చాలు. నిజంగా శ్రమపడితే, వాళ్లు చేసినదే పేరుపెట్టి చెప్పాలి. ‘మీరు ఉండబట్టి ఇవాళ ఫారం వెళ్లింది’, ‘మీకు శ్రమ ఇచ్చాను’ లాంటివి. అవతల నుంచి ‘భలేవారే, దాందేముంది’ అని వస్తే మాట చేరిందన్నట్టు. సభలోనూ ఉత్తరంలోనూ ధన్యవాదాలు హాయిగా రాయొచ్చు.

సూటిమాట: తల ఊపితే చాలంటే నేను ఒప్పుకోను. ఇప్పటి ఆఫీసుల్లో థాంక్స్ అనకపోతే పొగరు అనుకుంటారు. థాంక్స్ కూడా తెలుగు మాటే అయిపోయింది.

ఏటిగట్టు: ఆఫీసు వరకు మీదే నిజం కావచ్చు. ఇంట్లో మాత్రం, అన్నం వడ్డించిన అమ్మకి థాంక్స్ అంటే ‘నేనేమైనా పరాయిదాన్నా’ అనే తల్లులు ఇంకా ఉన్నారు.

ఓరుగల్లు: మా ఇంట్ల పిల్లలు అంటరు, అమ్మ ఏమనదు. ఇది ఇంటికో తీరు.