సహోద్యోగి డెక్‌లో ఒక్క స్లైడ్‌ని మాత్రమే పాత రూపానికి తేవడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది మాదాపూర్‌లో చిన్న ఆఫీసు. మా టీమ్‌లో ఒకావిడ 22 స్లైడ్ల డెక్ గూగుల్ స్లైడ్స్‌లో పెట్టి, "అన్నా, ఓసారి చూడండి" అని ఎడిట్ యాక్సెస్ ఇచ్చింది. డాక్స్‌లో ఉండే Suggesting మోడ్ ఇక్కడ కనిపించలేదు. కామెంట్లు రాసీ రాసీ విసుగొచ్చి, 7వ స్లైడ్‌లో వాక్యాలు నేనే మార్చేశాను. తప్పే, ఒప్పుకుంటున్నాను.

తర్వాత ఆవిడ మిగతా స్లైడ్లలో చార్టులన్నీ సరిచేసింది. ఇప్పుడు 7లో తన పాత వాక్యాలే కావాలంటోంది. Version history తెరిస్తే సోమవారం మధ్యాహ్నం నాటి వెర్షన్ ఉంది. కానీ Restore నొక్కితే డెక్ మొత్తం సోమవారానికి వెళ్తుంది, ఆవిడ చార్టులతో సహా. అందుకే భయపడి ఆగాను.

ఆ వెర్షన్‌ని Make a copy చేసి, అందులోని టెక్స్ట్ బాక్స్‌ని మాత్రమే అసలు డెక్‌లో అతికిద్దామనుకుంటున్నాను. స్లైడ్ మొత్తం మారిస్తే దాని మీదున్న కామెంట్ల చర్చ పోతుందేమోనని టెన్షన్. ఇంతకంటే తేలిక దారి ఉందా? సూచన మోడ్ లేనిచోట మీరెలా రివ్యూ చేస్తారు? స్లైడ్‌ని డూప్లికేట్ చేసి, పక్కన మీ మార్పులు చూపిస్తారా?